విభాగాలు ఇరవై దాటిన యాప్‌కు కింద ట్యాబ్‌లా, పక్కన డ్రాయరా?

ఒక తెలుగు వార్తల యాప్ తయారవుతోందనుకుందాం. అందులో ఉండాల్సిన విభాగాల జాబితా ఇలా వస్తుంది: హోమ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, జిల్లా వార్తలు, జాతీయం, అంతర్జాతీయం, క్రీడలు, సినిమా, బిజినెస్, చదువు-ఉద్యోగాలు, వ్యవసాయం, ఆరోగ్యం, ఆధ్యాత్మికం, రాశిఫలాలు, సంపాదకీయం, ఆదివారం అనుబంధం, వీడియోలు, ఫొటోలు, ఈ-పేపర్, సేవ్ చేసినవి, నోటిఫికేషన్లు, సెట్టింగ్స్, సాయం. మొత్తం 23. కింద ట్యాబ్ బార్‌లో పట్టేవి అయిదే. కాబట్టి పక్క నుంచి తెరుచుకునే డ్రాయర్ మెనూ పెట్టేద్దాం అని చాలా టీముల్లో చర్చ అక్కడికక్కడే ముగిసిపోతుంది.

ఈ లెక్క చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ విభాగాల సంఖ్యను బట్టి నావిగేషన్‌ను ఎంచుకోవడమే ఇక్కడ అసలు పొరపాటు. ఆ 23 పేర్లూ ఒకే రకం వస్తువులు కావు. కొన్ని యాప్‌లో వేర్వేరు పనులు, కొన్ని ఒకే పనిలో రకాలు, కొన్ని ఎప్పుడో ఒకసారి తెరిచే పరికరాలు. వాటిని విడదీశాక ట్యాబ్‌లా, డ్రాయరా అన్న ప్రశ్న చాలావరకు తనంతట తానే తేలిపోతుంది.

ముందు ఆ అయిదు అనే పరిమితి ఎక్కడిదో చూడాలి. ఐఫోన్‌లో యాపిల్ ఇచ్చే ట్యాబ్ బార్‌కు ఆరో ట్యాబ్ చేరిస్తే, నాలుగు మాత్రమే కనిపించి అయిదో చోట "More" అనే బటన్ దానంతటదే వచ్చేస్తుంది. మిగిలినవన్నీ దాని వెనక ఒక జాబితాగా చేరతాయి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెటీరియల్ డిజైన్ సూత్రాలు మూడు నుంచి అయిదు ట్యాబ్‌లు చాలంటాయి. కింది బార్ కట్టే `BottomNavigationView`కు దాని పరిమితి మించి ట్యాబ్‌లు ఇస్తే యాప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కారణం కొలతల్లోనే ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల తెర వెడల్పు, ఆండ్రాయిడ్ వాడే డీపీ అనే కొలతలో, 360 చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని అయిదుతో భాగిస్తే ఒక్కో ట్యాబ్‌కు 72 డీపీ వస్తుంది. ఆరుతో భాగిస్తే 60. వేలికి కావాల్సిన కనీస చోటు 48 డీపీ కాబట్టి నొక్కడానికి 60 కూడా సరిపోతుంది. సరిపోనిది ఐకాన్ కింద ఉండే పేరుకు. తెలుగులో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, ఆ సంగతి కాసేపట్లో.

డ్రాయర్‌కు ఇలాంటి పరిమితి లేదు. యాభై వరుసలైనా పెట్టొచ్చు, కొత్త విభాగం వస్తే ఇంకో వరుస చేర్చొచ్చు. ఆ సౌకర్యం వల్లే 2013 తర్వాత ఆండ్రాయిడ్ యాప్‌లన్నిటా అది పాకింది. ఆ ఏడాదే గూగుల్ డ్రాయర్ కట్టే `DrawerLayout`ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. విశేషమేమిటంటే, అదే 2013లో ఫేస్‌బుక్ తన ఐఫోన్ యాప్‌లోంచి పక్క మెనూను తీసేసి కింద ట్యాబ్ బార్‌కు మారింది. మూడేళ్లకు, 2016లో, గూగుల్ కూడా తన డిజైన్ సూత్రాల్లో కింది ట్యాబ్‌లకు చోటిచ్చింది. 2025లో వచ్చిన మెటీరియల్ 3 ఎక్స్‌ప్రెసివ్ మార్పుల్లో డ్రాయర్‌ను పక్కనబెట్టి, అవసరాన్ని బట్టి విప్పుకునే పక్క పట్టీని వాడమంటోంది. డ్రాయర్‌ను ఊరూరా నాటిన సంస్థే పన్నెండేళ్లలో దాని నుంచి తప్పుకుంటోందంటే, కారణం ఫ్యాషన్ మారడం మాత్రమే కాదు.

పెద్ద కారణం, కంటికి కనిపించనిది గుర్తుకు రాదు. తెర మూల డ్రాయర్ తెరిచే మూడు గీతలు చూసినవాళ్లకు లోపల ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. డిజైన్ల వాడుకను పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో 179 మందితో కొన్ని వెబ్‌సైట్ల మీద చేసిన పరీక్షలో, మొబైల్‌లో మెనూ మొత్తం దాచినప్పుడు 57 శాతం సందర్భాల్లోనే దాన్ని వాడారు. ముఖ్యమైనవి కొన్ని బయట ఉంచి మిగతావి దాచినప్పుడు అది 86 శాతం. అది వెబ్‌సైట్ల మీద చేసిన పరీక్ష కాబట్టి రోజూ తెరిచే యాప్‌కు ఆ అంకెలే అన్వయించకూడదు. అయినా ఈ రెండో సంగతి గట్టిగా పట్టుకోవాలి. అన్నీ బయటపెట్టడం ఎలాగూ కుదరదు, అన్నీ దాచడం నష్టం. ఏవి బయట, ఏవి లోపల అన్నదే తేల్చుకోవాలి.

ఇంకో కారణం చేతికి సంబంధించింది. మూడు గీతల బటన్ ఉండేది ఎడమ పై మూల. పెద్ద తెర ఫోన్‌ను కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలికి అందనంత దూరం అదే. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని వార్తలు చదివేవాళ్లకు ఆ బటన్ ఉన్నా లేనట్టే. ఎడమ అంచు నుంచి వేలితో లాగితే డ్రాయర్ తెరుచుకునేది కదా అంటే, 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక, బటన్లకు బదులు జెస్చర్లు వాడే ఫోన్లలో ఆ అంచు వెనక్కి వెళ్లే జెస్చర్‌కు పోయింది. ఇప్పుడు డ్రాయర్ కోసం లాగితే చాలాసార్లు వెనకటి పేజీకి పోతారు, లేదా యాప్ మూసుకుపోతుంది. అంచులో కొంత భాగాన్ని తమకు వదలమని యాప్ సిస్టమ్‌ను అడగొచ్చు గానీ, ఒక్కో అంచుకు 200 డీపీ ఎత్తు దాటి ఇవ్వదు. ఆ పైన ఉన్నచోట లాగితే మళ్లీ వెనక్కే.

ఇప్పుడు ఆ 23 విభాగాల దగ్గరకు వద్దాం. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆదివారం అనుబంధం దాకా, జిల్లాను పక్కనబెడితే, 14 పేర్లున్నాయి. వీటిలో దాదాపు అన్నిటి పేజీ ఒకటే: ఫొటో, శీర్షిక, ఎంతసేపటి క్రితం వచ్చింది, కిందికి సాగే జాబితా. మారేది వార్త ఏ కోవకు చెందిందన్నదే. క్రీడల నుంచి సినిమాకు వెళ్లే పాఠకుడు చేస్తున్న పని మారలేదు, అతను వార్తల జాబితానే చూస్తున్నాడు. ఇవి యాప్‌లో వేర్వేరు చోట్లు కావు, ఒకే చోట పెట్టిన వడపోతలు. కాబట్టి వీటి స్థానం హోమ్ తెర పైభాగంలో అడ్డంగా జరిగే పట్టీ. వేలితో జాబితానే పక్కకు నెడితే పక్క కోవ వస్తుంది. పట్టీలో ఏది ముందుండాలో పాఠకుడే మార్చుకునే వీలుంటే మరీ మంచిది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అనంతపురం మనిషికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ముందుండాలి. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు సినిమా ముందుండాలనిపించవచ్చు.

ఈ పద్నాలుగింటిలో రాశిఫలాలు మాత్రం వేరు. దాన్ని చూసేవాళ్లు పొద్దున్నే దానికోసమే యాప్ తెరుస్తారు, తమ రాశి చదువుతారు, వెళ్లిపోతారు. అందులో వార్తల జాబితా లేదు, పన్నెండు గడులున్నాయి. పట్టీలో పన్నెండో పేరుగా పెడితే రోజూ అంతదూరం జరపాలి. దానికోసం ఒక కింది ట్యాబ్ ఇచ్చేస్తే, రాశిఫలాలు చూడనివాళ్లందరికీ అయిదో వంతు బార్ వృథా. ఇలాంటిదానికి కుదిరే చోటు హోమ్‌లోనే ఉంది: ఒకసారి రాశి ఎంచుకున్న పాఠకుడికి హోమ్ జాబితా మొదట్లో ఆ రోజు ఫలం ఒక చిన్న కార్డుగా వస్తుంది. నావిగేషన్‌లో పడకుండానే అతని పని అయిపోతుంది. విభాగాలు ఎక్కువున్న యాప్‌లన్నిటిలో ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి. వాటికి మెనూలో పోటీపడి చోటు వెతకడం కంటే వాటి సారాన్నే మొదటి తెరకు తేవడం మేలు.

జిల్లా వార్తల విషయం ఇంకోలా ఉంటుంది. ఒక్క తెలంగాణలోనే 33 జిల్లాలు. పాఠకుడికి కావాల్సింది వాటిలో ఒకటి, మహా అయితే రెండు: ఉన్న ఊరు, పుట్టిన ఊరు. ఇది వడపోతలా కనిపించినా తీరు వేరు. ఇక్కడ ఎంపిక ఒకసారి చేసి గుర్తుంచుకోవాలి, ఆ తర్వాత మండలాల వార్తలు, స్థానిక కరెంటు కోతలు, మార్కెట్ ధరలు అన్నీ దానిమీదే ఆధారపడతాయి. జనం ఒక వార్త చదివి "మా దగ్గర ఏమైంది" అని మధ్యలో ఇటు వస్తారు, మళ్లీ అటు వెళ్తారు. ఈ అటూ ఇటూ తిరగడమే కింది ట్యాబ్‌కు అసలు అర్హత. ఒక విభాగాన్ని ఎంతమంది చూస్తారన్నది రెండో ప్రశ్న. ఒక పని మధ్యలో ఉండగా దాన్ని వదిలి వచ్చి, తిరిగి ఉన్నచోటికే వెళ్లాల్సిన అవసరం ఎంత తరచుగా పడుతుందన్నది మొదటి ప్రశ్న.

ఈ కొలబద్దతో చూస్తే ఈ-పేపర్ ట్యాబ్‌కు అర్హమే. అచ్చు పత్రిక పేజీలు తిప్పుతూ మధ్యలో తాజా వార్త చూసి, మళ్లీ ఏడో పేజీకే రావాలి. వీడియోలు కూడా అర్హమే, ఫొటోలను వాటితో కలిపేయొచ్చు. సేవ్ చేసినవి, నోటిఫికేషన్లు, సెట్టింగ్స్, సాయం ఈ పరీక్ష నెగ్గవు. సెట్టింగ్స్‌లో అక్షరాల పరిమాణం పెంచినవాళ్లు వారం దాకా అటు రారు. అలా చివరికి బార్ ఇలా తేలుతుంది: హోమ్, జిల్లా, వీడియోలు, ఈ-పేపర్, మెనూ.

ఆ అయిదోదాన్ని చూసి, మూడు గీతలనే కిందికి దించారు, తేడా ఏముంది అని అడిగేవాళ్లుంటారు. తేడా ఉంది. డ్రాయర్ అంటే ఉన్న పేజీ మీద పరిచే ఇరుకైన పలక. దానిలో ఒక్కో వరుసకు ఒక పేరు తప్ప వేరే చోటు ఉండదు. మెనూ ట్యాబ్ అంటే పూర్తి తెర. పైన వెతికే పెట్టె పెట్టొచ్చు, ఇటీవల చూసిన విభాగాలు చూపొచ్చు, సేవ్ చేసినవాటిని పెద్దగా ఇవ్వొచ్చు, మిగిలినవాటిని గుంపులుగా సర్దొచ్చు. బొటనవేలికి అందుతుంది, ఐకాన్ కింద పేరు రాసి ఉంటుంది, చదవని నోటిఫికేషన్లుంటే దానిపైనే ఎర్ర చుక్క కనిపిస్తుంది. రేపు ఇరవై నాలుగో విభాగం వచ్చినా బార్ కదలదు. ఫేస్‌బుక్ తన యాప్‌లో ఎన్నో విభాగాలను ఇలాగే మెనూ ట్యాబ్ వెనక పెట్టింది. పేరు విషయంలో ఒక జాగ్రత్త: "ఇతరాలు" అని రాస్తే అందులో పనికొచ్చేదేమీ లేదనిపిస్తుంది. "మెనూ", "అన్ని విభాగాలు" అంటే నొక్కుతారు.

ట్యాబ్‌లు ఎంచుకున్నంత మాత్రాన పని అయిపోలేదు. వాటిని కట్టడంలో తప్పు జరిగితే డ్రాయర్ కంటే ఎక్కువ విసిగిస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ కనిపించే లోపం ఇది: జిల్లా వార్తల్లో నలభై వార్తలు కిందికి జరిపి ఒకటి తెరిచిన పాఠకుడు, వీడియోల ట్యాబ్‌కు వెళ్లి తిరిగొస్తే జాబితా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఒక్కో ట్యాబ్ తన స్థితిని తాను గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం దీన్ని ఎవరికి వారు కట్టుకోవాల్సి వచ్చేది. నావిగేషన్ లైబ్రరీ 2.4 నుంచి ఇది సిద్ధంగా దొరుకుతోంది:

```kotlin
navController.navigate(route) {
    popUpTo(navController.graph.findStartDestination().id) {
        saveState = true
    }
    launchSingleTop = true
    restoreState = true
}
```

వదిలి వెళ్తున్న ట్యాబ్ స్థితిని `saveState` దాస్తుంది, తిరిగొచ్చినప్పుడు `restoreState` దాన్ని తెస్తుంది. `popUpTo` లేకపోతే ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ ఒక పేజీ కింద పేరుకుంటుంది, బయటపడటానికి బ్యాక్ బటన్ అన్నిసార్లూ నొక్కాల్సి వస్తుంది. పై కోడ్ ఉంటే ఏ ట్యాబ్‌లో మొదటి పేజీ దగ్గరున్నా బ్యాక్ నొక్కితే హోమ్, ఇంకోసారి నొక్కితే యాప్ బయటికి. ఉన్న ట్యాబ్‌నే మళ్లీ నొక్కితే జాబితా పైకి వెళ్లాలి. ఇది విడిగా రాసుకోవాలి, చాలామంది మరిచిపోతారు.

ఇక పేర్లు. ఇంగ్లిష్ పేర్లతో గీసిన డిజైన్‌లో అంతా చక్కగా కుదురుతుంది. తెలుగు పేర్లు పెట్టగానే రెండు చోట్ల తేడా కొడుతుంది. మొదటిది వెడల్పు. అటూ ఇటూ కాస్త ఖాళీ పోగా 72 డీపీలో "ఆంధ్రప్రదేశ్" మామూలు అక్షర పరిమాణంలో ఎలాగో ఇరికినా, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకు సగం తెగి చుక్కలు మిగులుతాయి. వార్తల యాప్ పాఠకుల్లో అలా పెద్దవి చేసుకునే పెద్దవాళ్లు చాలామందే. రెండోది ఎత్తు. "రాష్ట్రం" అనే మాటలో ష కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు. లాటిన్ అక్షరాలకు లెక్కేసిన వరుస ఎత్తును బిగించి పెడితే ఆ ఒత్తుల అడుగు తెగిపోతుంది. పైన గుడి, కింద ఒత్తు ఉన్న మాటతోనే పరీక్షించాలి. "హోమ్" చూసి సరేననుకుంటే ఈ లోపం దొరకదు. పేరును కుదించడానికి అందరికీ తెలిసిన పొట్టి మాట వెతకాలి తప్ప అక్షరాల పరిమాణం తగ్గించకూడదు. "జిల్లా వార్తలు" బదులు "జిల్లా" చాలు. "సేవ్ చేసినవి" బదులు "దాచినవి" బాగుంటుంది.

ఇరుకైంది కదా అని పేర్లు తీసేసి ఐకాన్లే ఉంచడం మరో తప్పు. ఇల్లు బొమ్మ చూస్తే హోమ్ అని తెలుస్తుంది. జిల్లాకు ఏ బొమ్మ? మ్యాప్ గుర్తు పెడితే దారి చూపేదేమో అనుకుంటారు. పైన చెప్పిన `BottomNavigationView`లో ఇది చెప్పకుండానే జరిగిపోతుంది: నాలుగు ట్యాబ్‌లు దాటితే కాదు, నాలుగు ఉన్నప్పుడే నొక్కినదానికి తప్ప మిగతావాటికి పేర్లు మాయమవుతాయి. అది దాని సహజ సెట్టింగ్. ఒక్క వరుసతో సరిచేయొచ్చు:

```xml
app:labelVisibilityMode="labeled"
```

డ్రాయర్ నిజంగా నెగ్గే చోట్లూ ఉన్నాయి. జీమెయిల్‌నే తీసుకుంటే, అక్కడ ప్రధానంగా పని ఒక్కటే: ఉత్తరాలు చూడటం. మిగిలినవి లేబుళ్లు, వాటిని వాడేవాళ్లే సృష్టించుకుంటారు. ఒకరికి మూడుంటాయి, ఒకరికి అరవై. వాటి పేర్లు, సంఖ్య డిజైనర్‌కు ముందే తెలియవు కాబట్టి ట్యాబ్‌లుగా పెట్టడం అసాధ్యం. జనం వాటి మధ్య నిమిషానికోసారి తిరగరు కూడా. పొడుగ్గా, పెరుగుతూ, ఒకే రకంగా ఉండే జాబితాకు డ్రాయర్ సరైన రూపం. తెరంతా ఒకే పనికి కావాల్సిన యాప్‌లకు కూడా ఇది కుదరొచ్చు, ఎందుకంటే అక్కడ కింది బార్ ఎప్పుడూ కొంత ఎత్తు తినేస్తుంది. టాబ్లెట్ మీద, మడత ఫోన్ విప్పినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. వెడల్పు 600 డీపీ దాటితే అవే అయిదు ట్యాబ్‌లను ఎడమ పక్కన నిలువు పట్టీగా మార్చడం మంచిది.

రెండిటినీ కలిపి వాడే యాప్‌లు కొన్ని ఉన్నాయి. కింద ట్యాబ్‌లున్నప్పుడు పైన డ్రాయర్ కూడా పెట్టి, అవే విభాగాలను రెండుచోట్లా చూపడం మాత్రం తప్పే. ఒకే చోటికి రెండు దారులుంటే, అవి ఒకటేనా వేర్వేరా అని జనం రెండూ తెరిచి చూస్తారు. ఇది సాధారణంగా డిజైన్ లోపం కంటే కార్యాలయ సర్దుబాటు: వీడియో విభాగం ట్యాబ్ అడిగింది, ఈ-పేపర్ విభాగం డ్రాయర్ మొదటి వరుస అడిగింది, ఇద్దరికీ ఇచ్చేశారు.

ఏ నిర్ణయమైనా సరైందో కాదో ఎలా తెలుస్తుంది? పాత డ్రాయర్ యాప్ లాగ్ తీసి, ఎక్కువమంది చూసిన అయిదింటినీ ట్యాబ్‌లుగా పెట్టడం అందరికీ మొదట తోచే పద్ధతి. అందులో ఒక చిక్కుంది. డ్రాయర్ అడుగున పన్నెండో వరుసలో ఉన్న జిల్లా వార్తలను తక్కువమంది చూశారంటే, అవి అక్కర్లేక కాదు, కనిపించక. అందుకే లాగ్‌తో పాటు మరో మూడు చూడాలి: యాప్‌లో వెతికే పెట్టెలో ఏ మాటలు రాస్తున్నారు, నోటిఫికేషన్ ద్వారా ఏ విభాగంలోకి వచ్చి అక్కడే ఉండిపోతున్నారు, ప్లే స్టోర్ సమీక్షల్లో "ఫలానాది ఎక్కడుంది" అని ఏది అడుగుతున్నారు. వెతికే పెట్టెలో పదేపదే ఊరి పేర్లు కనిపిస్తే జిల్లా ట్యాబ్ ఎందుకు కావాలో వేరే వాదన అక్కర్లేదు.

గీసిన తెరను నలుగురైదుగురు పాఠకుల చేతికిచ్చి "మీ ఊరి చుట్టుపక్కల నిన్న ఏం జరిగిందో చూడండి" అని ఊరుకోవాలి. మొదటి వేలు ఎక్కడ పడిందో అది రాసుకోవాలి. చివరికి దొరికిందా లేదా అన్నదానికంటే ఈ మొదటి నొక్కే ఎక్కువ చెబుతుంది. ప్రశ్నలో ట్యాబ్ మీదున్న మాట వాడకూడదు, అందుకే "జిల్లా" అనకుండా "మీ ఊరి చుట్టుపక్కల" అనాలి.

విడుదలయ్యాక చూడాల్సిన అంకె ట్యాబ్ మీద పడ్డ నొక్కుల సంఖ్య కాదు. కింద కనిపించే బటన్‌ను ఊరికే నొక్కి చూసేవాళ్లు, ఫోన్ బ్యాక్ బటన్ అనుకుని పొరపాటున తాకేవాళ్లు ఉంటారు కాబట్టి అది మొదటి వారంలో ఎలాగూ పెరుగుతుంది. వచ్చి పది సెకన్లైనా ఉన్నవాళ్లను మాత్రమే లెక్కేసి, వారంలో కనీసం రెండు ట్యాబ్‌లు అలా వాడినవాళ్లు ఎందరో నెల తర్వాత చూడాలి. ఒక ట్యాబ్‌లోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది వెంటనే హోమ్‌కు తిరిగిపోతుంటే ఆ చోటు దానిది కాదు. మెనూ పేజీలో ఏదో ఒక వరుస దానికంటే ఎక్కువ నొక్కులు తెచ్చుకుంటుంటే, మార్చాల్సింది ఆ రెంటినే. మార్చేటప్పుడు మిగతా ట్యాబ్‌ల వరుస మాత్రం కదపకూడదు. రోజూ వాడేవాళ్లు పేర్లు చదవరు, వేలు అలవాటైన చోటికి వెళ్తుంది.